రైలు టికెట్‌లో రాయితీ: ఎవరికి ఉంది, ఎవరికి లేదు, టీటీఈ ఏం చూస్తాడు

ఈ మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అరవై ఏళ్లు దాటినవాళ్లకి రైల్లో సగం ఛార్జీ మళ్ళీ పెట్టారని, ఆధార్ చూపిస్తే చాలని. చాలామంది పెద్దవాళ్లు దాన్ని నమ్మి స్టేషన్ కౌంటర్ దాకా వెళ్లి వెనక్కి వస్తున్నారు. అందుకే ముందు ఆ సంగతి తేల్చేస్తాను.

సీనియర్ సిటిజన్ రాయితీని రైల్వే 2020 మార్చి 20 నుంచి ఆపేసింది. అంతకుముందు అరవై దాటిన మగవాళ్లకి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి 50 శాతం తగ్గేది. కరోనా తగ్గాక కూడా దాన్ని తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను, కానీ ఈ రోజు టికెట్ కొనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇప్పుడున్న నిబంధనే. ఆర్టీసీ విషయం వేరు. ఏపీఎస్ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటినవాళ్లకి 25 శాతం తగ్గుతుంది, వయసు తెలిసే గుర్తింపు కార్డు చూపించాలి.

రైల్లో పెద్దవాళ్లకి మిగిలింది కింది బెర్త్. ఐఆర్‌సీటీసీలో రైలు వెతికేటప్పుడు కోటా దగ్గర GENERAL అని ఉంటుంది. దాన్ని నొక్కితే LOWER BERTH/SR.CITIZEN కనిపిస్తుంది. అరవై దాటిన మగవాళ్లు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు. అవును, ఆడవాళ్లకి నలభై అయిదే, ఇది చాలామందికి తెలియదు. ఒక టికెట్ మీద ఇద్దరి వరకే, ఆ ఇద్దరూ ఈ వయసు వాళ్లే అయివుండాలి. తాతయ్య, నానమ్మల టికెట్‌లో మనవడిని కూడా కలిపితే ఈ కోటా వర్తించదు. మనవడికి విడిగా టికెట్ తీయండి.

రైల్లో అడిగేది అసలు గుర్తింపు కార్డు. ఫోన్‌లో చూపించాలంటే డిజిలాకర్ పనికొస్తుంది, అయితే ఒక మెలిక ఉంది. 2018లో రైల్వే ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ రెండూ చెల్లుతాయి, కానీ అవి Issued Documents విభాగంలో ఉండాలి. అంటే ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా మీ ఖాతాలోకి వచ్చినవి. మీరే ఫోటో తీసి అప్‌లోడ్ చేసుకున్నవి చెల్లవు. గ్యాలరీలో ఉన్న ఆధార్ ఫోటో కూడా అంతే. బయల్దేరే ముందు రోజు అమ్మా నాన్నల ఫోన్ తీసుకుని ఇది ఒకసారి చూసిపెట్టండి.

ఇక విద్యార్థులు. సొంతూరికి వెళ్లడానికి, విద్యాయాత్రలకి సెకండ్ క్లాస్, స్లీపర్‌లలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి 75 శాతం రాయితీ ఉంది. ఏసీలో లేదు. ఇది ఐఆర్‌సీటీసీలో రాదు. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం పట్టుకుని కౌంటర్‌కే వెళ్లాలి. మామూలు బోనఫైడ్ సర్టిఫికెట్ ఇస్తే క్లర్క్ తీసుకోడు, రైల్వే నమూనాలోనే ఉండాలి. ఆ ఫారం కౌంటర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి రైల్లో మీ దగ్గర ఉండాల్సింది టికెట్, కాలేజీ ఐడీ కార్డు. వయసు 25 దాటకూడదు, ఎస్సీ, ఎస్టీలకి 27, పరిశోధక విద్యార్థులకి 35. తత్కాల్‌లో ఏ రాయితీ పనిచేయదు. పండక్కి ఊరెళ్లేవాళ్లు ముందే కదలాలి.

ఇప్పుడు ఈ వీడియో అసలు ఎందుకు చేస్తున్నానో అక్కడికి వస్తాను. దివ్యాంగుల రాయితీ. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. మన దగ్గర అందరి చేతిలో సదరం సర్టిఫికెట్ ఉంటుంది. పింఛనుకి అదే ఆధారం. అందులో 60 శాతం, 80 శాతం అని రాసి ఉంటుంది కాబట్టి రైల్లోనూ అది చాలనుకుంటాం. చాలదు. రైల్వే చూసేది శాతాన్ని కాదు, వర్గాన్ని. ఆ వర్గాలు నాలుగే. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్లు. తోడు లేకుండా ప్రయాణించలేని మానసిక వైకల్యం ఉన్నవాళ్లు. చూపు పూర్తిగా లేనివాళ్లు. వినికిడి, మాట రెండూ పూర్తిగా లేనివాళ్లు. చివరి రెండు వర్గాలవాళ్లు ఒంటరిగా వెళ్లినా, తోడుతో వెళ్లినా రాయితీ ఉంటుంది.

అందుకే పోలియో వచ్చి ఒక కాలు ఈడుస్తూ, కర్ర సాయంతో ఒక్కరే ఎక్కడికైనా వెళ్లగలిగే మనిషికి సదరంలో మంచి శాతమే ఉన్నా, రైల్వే రాయితీ దొరక్కపోవచ్చు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ కారణం తెలిస్తే కౌంటర్ దగ్గర గొడవపడే అవసరం ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చక్రాల కుర్చీలో ఉండే నలభై ఏళ్ల ఆవిడ, తోడుగా చెల్లెలు. నెల్లూరు నుంచి సికింద్రాబాద్‌కి స్లీపర్. ముందుగా రైల్వే నమూనాలో రాయితీ సర్టిఫికెట్ కావాలి. ప్రభుత్వ డాక్టర్ సంతకం చేయాలి, ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలి. ముద్ర ఫోటోని తాకకపోతే వెనక్కి పంపేస్తారు, కాబట్టి ఆస్పత్రిలోనే చూసుకోండి. శాశ్వత వైకల్యమైతే ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లకి ఇది అయిదేళ్లు, ముప్ఫై అయిదు వరకు పదేళ్లు, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. ఆవిడకి నలభై కాబట్టి మళ్ళీ చేయించే పని లేదు.

ఆ కాగితంతో కౌంటర్‌లో టికెట్ తీసుకోవచ్చు. ఇంటి నుంచి తీయాలంటే రైల్వే ఇచ్చే ఫోటో గుర్తింపు కార్డు ఉండాలి. divyangjanid.indianrail.gov.in లో దరఖాస్తు చేసి, రాయితీ సర్టిఫికెట్, వైకల్య ధ్రువపత్రం, ఫోటో, గుర్తింపు పత్రం అప్‌లోడ్ చేయాలి. డివిజన్ కార్యాలయం వాళ్లు పరిశీలించాక నంబరు వస్తుంది. తర్వాత ఐఆర్‌సీటీసీలో Person With Disability Concession దగ్గర టిక్ పెట్టి ఆ నంబరు ఇవ్వాలి.

డబ్బు లెక్క చూడండి. అర్థం కావడానికి మూల ఛార్జీ 400 రూపాయలనుకుందాం. రిజర్వేషన్‌కి 20, సూపర్‌ఫాస్ట్‌కి 30 కలిపి పూర్తి టికెట్ 450. రాయితీ 75 శాతం, కానీ అది మూల ఛార్జీ మీదే. 400లో 300 పోయి 100 మిగులుతుంది, పైన 50 అలాగే ఉంటాయి. టికెట్ 150. చెల్లెలికీ అంతే. ఇద్దరికీ 900 బదులు 300. టికెట్ మీద 75 శాతం కన్నా తక్కువే తగ్గినట్టు కనిపిస్తే ఎవరూ మోసం చేయలేదు, కారణం ఇదే.

రైల్లో టీటీఈ తన చేతిలోని పరికరంలో రాయితీ టికెట్ అని చూస్తాడు. ఆన్‌లైన్ టికెట్ అయితే రైల్వే ఫోటో కార్డు, కౌంటర్ టికెట్ అయితే డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ అడుగుతాడు. రెండూ అసలువే ఉండాలి, జిరాక్స్ నమ్ముకోకండి. ఆధార్ చూపిస్తే మనిషి ఎవరో తెలుస్తుంది, రాయితీకి అర్హత తెలియదు. ఇంకోటి, తోడుమనిషి టికెట్ దివ్యాంగుల టికెట్‌ని ఆనుకుని ఉంటుంది. అక్క ప్రయాణం మానేస్తే చెల్లెలు ఆ రాయితీ టికెట్ మీద ఒక్కతే వెళ్లకూడదు.

కార్డు ఇంట్లో మర్చిపోయి ఎక్కితే టికెట్ లేనట్టే లెక్కగట్టి ఛార్జీ, జరిమానా వసూలు చేయవచ్చు. అలా కట్టాల్సి వస్తే ఎక్సెస్ ఫేర్ టికెట్ అని రసీదు ఇస్తారు, అది తప్పకుండా తీసుకోండి. సర్టిఫికెట్ సరిగ్గానే ఉన్నా ఒప్పుకోకపోతే రైల్లో నుంచే 139కి ఫోన్ చేసి, పీఎన్ఆర్ చెప్పి ఫిర్యాదు రాయించండి.