మోకాలి నొప్పి తుంటిలో పుట్టవచ్చు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. షుగరు గురించీ, బి.పి. గురించీ మీరు ఇదివరకే చాలా విన్నారు. అందుకని మేము ఈసారి ఒకే ఒక్క జబ్బు గురించి చెప్పదలచుకున్నాము. అరుదైనదే గాని, ఆలస్యమైతే పిల్లవాడి తుంటిని జీవితాంతం పాడుచేసే జబ్బు. దీనికి ఇంగ్లీషు పేరు చాలా పొడవు, స్లిప్డ్ క్యాపిటల్ ఫీమరల్ ఎపిఫిసిస్ అంటారు. ఆ పేరు మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. తొడ ఎముక తల తన మెడ మీదినుంచి జారిపోవడం అనుకుంటే చాలు.

తొడ ఎముక పైకొస బంతిలాగా ఉంటుంది. ఆ బంతి కటి ఎముకలోని గిన్నెలో కూర్చుంటుంది. అదే తుంటి కీలు. బంతికి కింద మెడ ఉంటుంది. ఎదిగే పిల్లల్లో ఆ బంతికీ మెడకీ మధ్య ఒక మెత్తని పొర ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. మేస్త్రీ గోడ కడుతున్నప్పుడు ఇటుకకీ ఇటుకకీ మధ్య తడి సున్నం ఉన్నట్టు అనుకోండి. సున్నం ఆరకముందే పైన బరువు పెట్టి పక్కకు నెడితే ఏమవుతుంది? ఇటుక జరుగుతుంది. ఇక్కడా అంతే. బంతి గిన్నెలోనే ఉండిపోతుంది, మెడ మాత్రం ముందుకు జరిగి బయటికి తిరుగుతుంది. మగపిల్లలకు సుమారు 12 నుంచి 16 ఏళ్ళ మధ్య, ఆడపిల్లలకు 10 నుంచి 14 మధ్య, అంటే పొడుగు జోరుగా పెరిగే వయసులోనే ఇది వస్తుంది. ఆ వయసులో పొర ఎలాగూ బలహీనంగా ఉంటుంది. ఒంటి బరువు ఎక్కువైతే దాని మీద పడే తోపు మరీ ఎక్కువ. అందుకే ఈ జబ్బు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది లావుగా ఉంటారు. సన్నగా ఉన్నవాళ్ళకు రాదని మాత్రం అనుకోకండి.

ఇక అసలు చిక్కు ఎక్కడంటే, నొప్పి తుంటిలో ఉన్నట్టు పిల్లవాడు చెప్పడు. గజ్జలో అంటాడు, తొడలో అంటాడు, చాలామంది మోకాలే పట్టుకుని చూపిస్తారు. తుంటికి వెళ్ళే నరాల్లో ఒకటి మోకాలికీ కొమ్మ వేస్తుంది. ఒకే తీగ మీద రెండు గదుల్లో బెల్లులు బిగిస్తే, మీట ఎక్కడ నొక్కారో తెలియదు కదా. పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. వాడికి నిజంగానే మోకాలు నొప్పిగా ఉంటుంది.

మేము చూసిన ఒక పిల్లవాడి సంగతి చెబుతాము. పేరూ ఊరూ చెప్పము. వయసు 13, బరువు 72 కిలోలు, పొడుగు 5 అడుగులు. కుడి మోకాలు నొప్పి అన్నాడు. మొదటి వారం మెట్లు దిగేటప్పుడు మాత్రమే. మూడో వారానికి బడికి నడిచి వెళ్ళి వచ్చేసరికి కుంటుతున్నాడు. ఇంట్లో వాళ్ళు బామ్ రాశారు. ఒకచోట మోకాలికి ఎక్స్‌రే తీయించారు, ఏమీ లేదన్నారు. ఎదిగే వయసు నొప్పులు, తగ్గిపోతాయి అని నొప్పి మాత్రలిచ్చి పంపారు. మాత్ర వేసుకున్న రోజు తగ్గడం, మానేస్తే మళ్ళీ రావడం. ఇలా ఏడు వారాలు గడిచాయి.

ఇందులో మెచ్చుకోవలసింది వాళ్ళ దాదాని. నమాజులో కూర్చున్నప్పుడు మనవడి కుడి మోకాలు తిన్నగా ముందుకు ఉండక బయటికి పోతోందని ఆయన గమనించాడు. నడిచేటప్పుడు కుడి పాదం కూడా బయటికి తిరిగి ఉంటోంది. "దెబ్బ మోకాల్లో ఉంటే పాదం ఎందుకు తిరుగుతుంది?" అని కొడుకును అడిగాడట. డాక్టరు అడగవలసిన ప్రశ్న అది.

మేము వాణ్ణి బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టాము. ఎడమ మోకాలు వంచి ఛాతీ వైపు తెస్తే తిన్నగా వచ్చింది. కుడి మోకాలు అలా తెస్తుంటే తనంతట తానే బయటికి, అదే వైపు భుజం దిక్కుగా పోయింది. లోపలికి తిప్పబోతే పిల్లవాడు మూలిగాడు. ఈ ఒక్క గుర్తు చాలు, తుంటిని అనుమానించడానికి. ఇది మీ ఇంట్లోనూ తెలుసుకోవచ్చు, కాని ఒక షరతు మీద. పిల్లవాడు నడవగలిగే స్థితిలో ఉంటేనే, అదీ వాడి చేతే మెల్లగా వంచమని చెప్పి చూడాలి. బలవంతంగా తిప్పకూడదు. అడుగు వేయలేని పిల్లవాడి కాలు అసలు ముట్టుకోవద్దు.

తరువాత ఎక్స్‌రే. ఒక కాలికి కాదు, రెండు తుంటులకూ తీయాలి. నిలువుగా ఒకటి, కప్ప కాళ్ళలా మోకాళ్ళు పక్కలకు వంచి ఒకటి. మొదటి దానిలో కొద్దిపాటి జారుడు కనబడకుండా తప్పించుకుంటుంది, రెండోదానిలో దొరికిపోతుంది. కదలలేని పిల్లవాడికి మాత్రం ఆ కప్ప భంగిమ పెట్టరు, పడుకున్న చోటే పక్కనుంచి తీస్తారు. సినిమా చేతికి వచ్చాక మేము స్కేలు పెట్టి మెడ పైఅంచు వెంబడి ఒక గీత గీస్తాము. ఆ గీత పైకి సాగి బంతిలో కొంత ముక్కను కోయాలి. ఈ పిల్లవాడి ఎడమ వైపు కోసింది. కుడి వైపు బంతిని తాకకుండానే పోయింది. వాళ్ళ నాన్నకు చూపిస్తే ఆయన కూడా తేడా చెప్పగలిగాడు.

ఆయన అడిగిన మాట ఇది: "పెళ్ళి పని ఉంది, పది రోజులయ్యాక చేర్చితే ఏమవుతుంది?" వద్దన్నాము. ఇంటికి పంపడం కాదు, ఎక్స్‌రే గది నుంచి వార్డు దాకా కూడా నడవనివ్వలేదు, చక్రాల కుర్చీలో తీసుకువెళ్ళాము. ఏడు వారాలు నడిచినవాడు ఇంకో పది రోజులు నడిస్తే ఏమిటని మీకూ అనిపించవచ్చు. కారణం చెబుతాము.

బంతికి రక్తం తెచ్చే సన్నని నాళాలు మెడ వెనుక భాగం వెంట పైకి ఎక్కుతాయి. ఎముక నెమ్మదిగా జారుతున్నంతవరకు అవి సర్దుకుంటాయి. అరిగిన మెట్టు మీద కాలు జారినా, బాత్‌రూములో పడినా, పరుగెత్తినా ఒక్కసారిగా పూర్తిగా జారిపోవచ్చు. అప్పుడా నాళాలు మెలిపడతాయి, చిరుగుతాయి. రక్తం అందక బంతి చచ్చిపోతుంది. 1993లో అమెరికాలో లోడర్ అనే ఎముకల డాక్టరు, ఆయన సహచరులు ఒక లెక్క ప్రచురించారు. చంకకర్రలు ఇచ్చినా అడుగు వేయలేని స్థితిలో వచ్చిన 30 తుంటుల్లో 14 తుంటుల బంతులు చచ్చిపోయాయి. ఎలాగో ఒకలాగు నడవగలిగిన 25 తుంటుల్లో ఒక్కటీ చావలేదు. తరువాతి ఏళ్ళలో చికిత్స మెరుగుపడి కొన్నిచోట్ల ఫలితాలు ఇంతకంటే బాగున్నాయి గాని, ఆ తేడా మాత్రం పోలేదు. అంటే కుంటుతూ నడిచి వచ్చే పిల్లవాడు మన చేతికి దొరికిన అదృష్టవంతుడు. ఈ రోజు నడుస్తున్నవాడు రేపు నడవలేని వాడు కావచ్చు. ఆ మార్పు ఒక్క అడుగులో జరుగుతుంది.

ఇంకొక అమ్మాయి సంగతి. 12 ఏళ్ళు, లావుగా ఉంటుంది. నెల రోజులుగా తొడ నొప్పి అంటే బద్ధకం అనుకున్నారు. లావు పిల్లల నొప్పిని మనవాళ్ళు నమ్మరు, ఇది మేము చాలా ఇళ్ళలో చూశాము. ఒక రోజు పెరటిలో తడి బండ మీద జారింది, ఇక లేవలేదు. కట్టు కట్టే ఆయన దగ్గరకు తీసుకువెళ్తే కాలు గట్టిగా లాగి సరిచేశానన్నాడు. నాలుగో రోజు మా దగ్గరకు తెచ్చారు. స్క్రూ వేశాము. కాని ఏడాది తిరిగేసరికి బంతి కుంగిపోయింది. ఇప్పుడా పిల్లకు తుంటి సగం కూడా వంగదు. ముందు ముందు కృత్రిమ కీలు అవసరం పడుతుంది, అది కూడా జీవితకాలానికి ఒక్కసారితో సరిపోదు.

మన కుర్రవాడికి మరునాడు ఉదయం ఆపరేషన్ చేశాము. తొడ పక్కన చిన్న కోత పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, మెడలోంచి బంతిలోకి ఒకే ఒక్క లావు స్క్రూ బిగించడమే. జారిన ఎముకను వెనక్కి లాగము. లాగితే ఆ రక్తనాళాలకే ముప్పు. ఉన్నచోటే ఆపుతాము. కనుక పాదం కొంచెం బయటికి తిరిగి ఉండటం, కాలు ఓ సెంటీమీటరు పొట్టి కావడం మిగిలిపోవచ్చు. ఇతనికి మిగిలింది. ముందే వచ్చి ఉంటే జారుడు తక్కువలోనే ఆగేది, ఆ తేడా కూడా తక్కువగా ఉండేది. ఆరు వారాలు చంకకర్రలతో నడిపించాము. ఆటలు చాలా నెలలు వద్దన్నాము. థైరాయిడ్ పరీక్ష చేయించాము, బాగానే ఉంది. పదేళ్ళ లోపు పిల్లలకు గాని, వయసుకు తగ్గ పొడుగు లేనివాళ్ళకు గాని, సన్నని పిల్లలకు గాని ఈ జబ్బు వస్తే థైరాయిడు, ఇతర గ్రంథులు, మూత్రపిండాలు తప్పక చూడాలి.

రెండో కాలి సంగతి చాలామంది మరచిపోతారు. ఒక వైపు జారిన పిల్లల్లో చాలామందికి, ఎక్కువగా ఏడాదిన్నర లోపల, రెండో వైపు కూడా జారుతుంది. అందుకని ఎముక ఎదుగుదల ఆగేదాకా మూడు నాలుగు నెలలకొకసారి రెండు తుంటులకూ ఎక్స్‌రే తీయాలి. ఈ కుర్రవాడికి ఎనిమిదో నెలలో ఎడమ మోకాలు నొప్పి వచ్చింది. ఈసారి తల్లి బామ్ రాయలేదు, ఎవరినీ సలహా అడగలేదు. సాయంత్రం నొప్పి అంటే పొద్దున్నే ఆటోలో కూర్చోబెట్టి తెచ్చింది, నడిపించలేదు కూడా. ఎడమ వైపు జారుడు అప్పుడే మొదలైంది. స్క్రూ వేశాము. ఆ కాలు ఇప్పుడు పూర్తిగా తిన్నగా ఉంది.

ఎవరికైనా ఇంట్లో ఇటువంటి అనుమానం వస్తే పిల్లవాణ్ణి నడిపించకండి, మర్దన చేయించకండి, కాలు లాగనివ్వకండి. అడుగు వేయలేకపోతే కాలు ఎలా ఉందో అలాగే ఉంచి 108 బండికి ఫోన్ చేయండి. ఆ రోజే ఆపరేషన్ పడవచ్చు కనుక దారిలో అన్నమూ టిఫినూ పెట్టకండి. మోకాలికి ఎక్స్‌రే తీసి బాగుందన్నా, నొప్పీ కుంటూ తగ్గకపోతే, "రెండు తుంటులకూ తీయిస్తారా, కప్ప భంగిమలో కూడా?" అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. ఏ డాక్టరూ దానికి కోపగించుకోరు. కోపగించుకుంటే ఇంకొకరి దగ్గరకు వెళ్ళండి, అదే రోజు.