అక్కకు రాసిన చీటీ

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ వస్తుంది. అక్కడ మాతో ప్యాకింగ్‌లో పనిచేసే ఒక అక్క ఐదు నెలల అనారోగ్య సెలవు తర్వాత డ్యూటీకి వచ్చింది. ఆమె కోసం చీటీ రాయడానికి కూర్చున్నాను. ముందు "ఇప్పుడెలా ఉంది, ఏమైంది?" అని రాసి కొట్టేశాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆఫీసుకు వెళ్తుంది, ఆ వివరాలు మనకెందుకు? "చిక్కిపోయావు", "నువ్వు లేక పనంతా ఆగిపోయింది" అన్నవీ తీసేశాను. మొదటిది ఒంటి మీద చూపు, రెండోది ఆమె మీద బరువు.

ఇన్ని నెలల తర్వాత వస్తే తన చోటు ఉందో లేదోనన్న బెంగ మనిషికి ఉంటుంది. అందుకే చివరికి ఇలా రాశాను:

"అక్కా, నువ్వొచ్చావు, సంతోషం. నీ బల్ల నీదే. లేబుల్ రిజిస్టర్ కొత్త పద్ధతి నేను చూపిస్తా, తొందరేం లేదు. ఈ వారం బరువు పెట్టెలు మేం ఎత్తుతాం. మధ్యాహ్నం మాతో కూర్చుంటావా? ఒంటరిగా తినాలనిపించినా సరే."

మడిచి, జనం చూడకముందే ఆమె చేతికిచ్చాను.