ముందు మందు డబ్బా, తర్వాత యూరియా బస్తా

(సంఘం మండల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సేంద్రియం మంచిదా, మందుల సాగు మంచిదా అని ఎవరైనా అడిగితే మనలో సగం మంది ఒకవైపు, సగం మంది ఇంకోవైపు చేతులెత్తుతాం. నేను ఏ వైపూ చెయ్యెత్తడానికి రాలేదు. నాలుగేళ్లుగా నా పొలంలో రాసుకున్న లెక్క మీ ముందు పెడతాను.

మా ఊరి చెరువు కింద నాకు మూడెకరాలు ఉంది. 2021 వానాకాలం నుంచి మూడింట్లోనూ సాంబమసూరే వేస్తున్నాను. మొదటి ఎకరంలో ఎప్పటిలాగే ఎరువులు, మందులు. రెండో ఎకరంలో ఎరువులు వేశాను గానీ పురుగుమందు, కలుపుమందు డబ్బాల్లో పురుగుమందు డబ్బా మాత్రం మానేశాను. మూడో ఎకరం పూర్తి సేంద్రియం.

ముందు దిగుబడి. మొదటి ఎకరం సగటున 24 క్వింటాళ్లు ఇచ్చింది. రెండోది 23న్నర. మూడోది మొదటి ఏడు 16, తర్వాత 17, 19, నాలుగో ఏడు 20.

మూడో ఎకరం ఎందుకు పడిపోయింది? నాటిన నెలరోజులకు కింది ఆకులు కొనల నుంచి పసుపెక్కాయి. అది తెగులు కాదు, నత్రజని చాలక పైరు చూపే గుర్తు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. టన్ను పశువుల ఎరువులో ఉండేది 5 కిలోలు. అంటే ఒక్క బస్తాకు సమానం కావాలంటే 4 టన్నుల పెంట కావాలి. అందులోనూ మొదటి పంటకు అందేది సగం కూడా ఉండదు, మిగతాది తర్వాతి పంటలకు నెమ్మదిగా వస్తుంది. మొదటి ఎకరానికి రెండు బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీతో 50 కిలోల నత్రజని పోతోంది. మూడో ఎకరానికి మూడు ట్రాలీల పెంట తోలి, జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నినా 30 కిలోలు అందితే గొప్ప.

మరి జీవామృతం అంటారు. పాలు పెరుగవడానికి తోడు కావాలి. కానీ గిన్నెలో పాలే లేకపోతే తోడు ఏం చేస్తుంది? జీవామృతం తోడు లాంటిది. నేలలో పెంట, పచ్చిరొట్ట ఉంటేనే దాని పని కనబడుతుంది.

శ్రీలంక చూశాం కదా. 2021లో ప్రభుత్వం ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. ఆ తర్వాతి సీజన్లో వరి బాగా పడిపోయింది. అదే ఏడాది నవంబరులో నిషేధం ఎత్తేసినా రైతుకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అది సేంద్రియం తప్పు కాదు, తొందర తప్పు.

ఇప్పుడు పురుగుమందు సంగతి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మొదటి ఎకరానికి నేను పంటకు నాలుగుసార్లు కొట్టేవాణ్ణి. రెండో ఎకరానికి ఒక్కసారీ కొట్టలేదు, తగ్గింది అర క్వింటాలు. చేసిందేమిటంటే, నారు కొనలు తుంచి నాటాం, మొగి పురుగు గుడ్లు ఆ కొనల మీదే ఉంటాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలాం, గాలి ఆడితే సుడిదోమ దుబ్బుల మొదట్లో నిలవదు. యూరియాను మూడు దఫాలుగా వేశాం, ఒక్కసారే కుమ్మరిస్తే పైరు మెత్తబడి దోమను పిలుస్తుంది. ఎకరాకు మూడు లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగుల్ని లెక్కపెట్టాం. అవసరం పడితే వేప గింజల కషాయం.

దోమ ఉందా లేదా అన్నది గట్టు మీద నిలబడితే తెలియదు. మడిలోకి దిగి దుబ్బు వంచి మొదలు చూడాలి. అక్కడ సాలీళ్లు కనబడితే అవి మన పాలేర్లే. పైరు పిలకల దశలో మందు కొడితే ముందు చచ్చేది అవే, తర్వాత దోమకు అడ్డుండదు. అందుకే కొట్టినకొద్దీ కొట్టాల్సి వస్తుంది.

ఇది నా ఒక్కడి మాట కాదు. పాల్వంచ దగ్గర పునుకుల ఊరు పత్తి, మిరపకు మందులు కొట్టి అప్పులపాలైంది. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానేసింది. వాళ్లు కూడా ఎరువుల్ని అదే రోజు మానలేదు, మందుతోనే మొదలుపెట్టారు.

నేల విషయంలో గెలుపు మూడో ఎకరానిదే. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.42 శాతం ఉండేది, నాలుగేళ్లకు 0.55 అయింది. 0.5 దాటితేనే నేల కాస్త కోలుకున్నట్టు. తడి ఆరే రోజుల్లో మొదటి ఎకరం నెర్రెలిస్తుంటే ఇది ఇంకో మూడు రోజులు ఓర్చుకుంటోంది. రెండో ఎకరం కర్బనం మాత్రం పెద్దగా కదల్లేదు. మందు మానినంత మాత్రాన నేల బాగుపడదు, మట్టికి తిండి పెట్టాలి.

చివరికి డబ్బు. దుక్కి, నాట్లు, కోత మూడింటికీ ఒకటే కాబట్టి వాటిని పక్కనపెట్టి, అన్ని పంటలకూ 2024-25 ఏ గ్రేడు మద్దతు ధర రూ.2,320 తోనే చెబుతాను. మొదటి ఎకరానికి ఎరువులు, మందులు, కలుపు కలిపి రూ.10,700 పోగా రూ.44,980 మిగిలింది. రెండో ఎకరానికి ఖర్చు రూ.7,300, మిగిలింది రూ.47,220. మూడో ఎకరం మొదటి ఏడు పెంట, జీలుగ, కషాయాలు, కలుపు కూలి రూ.13,500 అయింది, చేతికొచ్చింది రూ.23,620. నాలుగో ఏడు ఖర్చు రూ.11,500కు తగ్గినా మిగిలింది రూ.34,900 మాత్రమే.

కానీ ఆ ఏడు 10 క్వింటాళ్లు కొనుగోలు కేంద్రంలో అమ్మి, మిగతా 10 మర పట్టించాను. 630 కిలోల బియ్యం వచ్చాయి. కిలో రూ.65 చొప్పున తెలిసినవాళ్లకు అమ్మితే, మర, రవాణా రూ.3,000 పోగా మొత్తం మీద రూ.49,650 మిగిలింది. మొదటి ఎకరాన్ని దాటింది. అయితే ఆ బియ్యం అమ్ముడుపోవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పు తెచ్చి సాగు చేసేవాడు నాలుగు నెలలు ఆగగలడా?

కాబట్టి నా మాట ఇది. ఈ వానాకాలమే పురుగుమందు మానడం మొదలుపెట్టండి, అందులో నష్టం లేదు. ఎరువుల్ని మాత్రం నేల కర్బనం పెరిగేకొద్దీ ఏటా కొంచెం తగ్గించండి. పూర్తి సేంద్రియం చేయదలిస్తే ఒక ఎకరంతో చేయండి, అమ్మే చోటు చూసుకుని చేయండి. పీజీఎస్ సర్టిఫికెట్‌కు కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టాలి, అది సంఘం ద్వారా చేసుకుందాం.

కౌలు రైతు సంగతి వేరు. మూడు ట్రాలీల పెంట ఈ ఏడు తోలితే ఫలం మూడో ఏడు వస్తుంది. ఏడాది కౌలుకు చేసేవాడు ఆ పెంట ఎవరి కోసం తోలాలి? రాతపూర్వకమైన మూడేళ్ల కౌలు లేకుండా కౌలు రైతును సేంద్రియం చేయమనడం అతని కష్టంతో భూయజమాని నేలను బాగుచేయించడమే. అలాగే యూరియా బస్తా మనకు రూ.266.50కే వస్తోందంటే మిగతా ధర ప్రభుత్వం కడుతోంది. పెంట తోలుకునే రైతుకు ఆ పైసా రాదు. మారే మూడేళ్లలో తగ్గిన దిగుబడికి ఎకరాకింత అని పరిహారం ఇవ్వాలి. నా లెక్కలో మొదటి ఏడు తేడా రూ.21,360. అధికారులు సేంద్రియం చేయండని మీటింగు పెట్టినప్పుడు ఈ అంకె వాళ్ల ముందు పెట్టి, ఇది ఎవరు భరిస్తారో అడుగుదాం.