గిరిగిరి పుస్తకం, బ్యాంకు పుస్తకం
(ఉట్నూర్‌లో చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉట్నూర్‌లో తోపుడుబండిపై పండ్లు, కూరగాయలు, గాజులు అమ్ముకొనే మన వారిలో గిరిగిరి తెలియని వారు అరుదు. పదివేలని రాసుకొని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. ఆపై వంద రోజుల పాటు రోజుకు వంద రూపాయలు వసూలు చేస్తారు. పోయేది వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. అయితే ఆ తొమ్మిదివేలు వంద రోజులూ మన దగ్గర ఉండవు. మొదటి రోజు నుండే తిరిగి పోతుంటాయి గనుక సగటున మన చేతిలో ఉండేది నాలుగున్నర వేలకు కొంచెం అటూ ఇటూ. ఆ లెక్కన వడ్డీ సంవత్సరానికి ఎనభై శాతానికి చేరువవుతుంది.

మా దృష్టిలో వడ్డీని మించిన నష్టం మరొకటి ఉన్నది. పదేళ్లు ఒక్క రోజు తప్పకుండా కట్టినా ఆ నిజాయితీ ఎక్కడా నమోదు కాదు. అప్పు తీరిన నాడే ఆ చిన్న పుస్తకం విలువ కూడా తీరిపోతుంది. మనది ఏజెన్సీ ప్రాంతం. 1/70 నిబంధన ప్రకారం ఇక్కడి స్థలాన్ని గిరిజనేతరులకు అమ్మే వీలు లేదు. అది గిరిజనుల రక్షణకు వచ్చిన చట్టం, దానితో మనకు పేచీ లేదు. కాని గిరిజనేతరుని ఇంటిని తాకట్టుగా తీసుకొనడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. కాబట్టి మనవారు పెట్టగల తాకట్టు ఒక్కటే: క్రమం తప్పక కట్టినట్టు చూపే నమోదు.

2020 జూన్‌లో ఆరంభమైన పీఎం స్వనిధి పథకం ఈ సూత్రం మీదనే నడుస్తున్నది. 2025 ఆగస్టులో సవరించిన తరువాత మొదటి విడత రుణం 15,000, రెండవది 25,000, మూడవది 50,000 రూపాయల వరకు. మొదటిది సకాలంలో తీర్చిన వారికే రెండవది. తాకట్టు అవసరం లేదు. గడువులు వరుసగా 12, 18, 36 నెలలు.

ఒక పండ్ల బండిని ఉదాహరణగా తీసుకుందాం. బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుంటే 15,000కు నెల వాయిదా సుమారు 1,333 రూపాయలు. నెలలో 27 రోజులు బండి నడిస్తే రోజుకు యాభై పక్కన పెట్టవలె. అదే లెక్కన 25,000కు రోజుకు యాభై ఏడు, 50,000కు అరవై రెండు రూపాయలు. రుణం మూడింతలకు పైగా పెరిగినా గడువు కూడా పెరుగుతున్నందున రోజు భారం పన్నెండు రూపాయలే పెరిగింది. గిరిగిరికి రోజుకు వంద కట్టగలిగిన చేతికి ఇది బరువు కాదు. సక్రమంగా కట్టిన వారికి ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలో జమ అవుతుంది.

చిక్కు మరొక చోట ఉన్నది. గిరిగిరి వాడు రోజూ బండి దగ్గరకే వస్తాడు, బ్యాంకు రాదు. వాయిదా నెలకొకసారి ఖాతా నుండి తానే కోతపడుతుంది. ఆ రోజు నిల్వ చాలకపోతే జరిమానా పడుతుంది, ఆలస్యం క్రెడిట్ నివేదికకు ఎక్కుతుంది. తొంభై రోజులు దాటితే మొండి బాకీగా లెక్కిస్తారు, రాయితీ కూడా పోతుంది. అందుకని ఆ యాభై రూపాయలను గల్లాలో ఉంచక, ఏ రోజుది ఆ రోజే రుణం ఉన్న ఖాతాలోనే వేయడం మేలు. 2020లో వచ్చిన పదివేలను సర్కారు సాయమనుకొని వదిలేసిన వారిని మేము చూశాము. నేడు వారు ఏ బ్యాంకుకు వెళ్లినా ఆ చిన్న బాకీయే అడ్డుపడుతున్నది.

రుణం తీరగానే బాకీ లేదన్న పత్రం తీసుకోవలె. క్రెడిట్ సంస్థలు ఏటా ఒకసారి నివేదికను ఉచితంగా ఇవ్వవలె. అందులో ఆ రుణం ‘క్లోజ్డ్’ అని ఉన్నదో లేదో చూడవలె. కొంత కట్టి రాజీ పడితే ‘సెటిల్డ్’ అని పడుతుంది. బాకీ తీరినట్టే కనిపించినా బ్యాంకు దానిని మచ్చగానే చూస్తుంది.

వడ్డీకి మనసొప్పని వారి మాటను మేము కాదనము. అయితే వడ్డీ లేని రుణమిచ్చే మన బైతుల్‌మాల్ వంటి చోట్ల కట్టినది సాధారణంగా ఈ నివేదికకు చేరదని తెలిసి నిర్ణయించుకొనవలె.

ఇక ఉట్నూర్ సంగతి. స్వనిధికి పట్టణ సంస్థ ఇచ్చే వ్యాపార ధ్రువపత్రం గాని సిఫారసు లేఖ గాని కావాలి. మనకు మున్సిపాలిటీ లేదు. సవరించిన పథకం జనగణన పట్టణాలకూ, పట్టణ శివార్లకూ దశలవారీగా విస్తరిస్తుందని ప్రకటించారు. మన ఊరికి వర్తింపజేయమని పంచాయతీని, ఐటీడీఏను లిఖితపూర్వకంగా అడగాలి. నోటి మాటకు ఫైలు కదలదు, ఇది ఆఫీసులో ఏళ్ల తరబడి ఫైళ్లు మోసిన వారి మాట. ఈలోగా ముద్ర పథకంలో ‘శిశు’ విభాగం కింద తాకట్టు లేకుండా 50,000 వరకు అడగవచ్చు. దానికి మున్సిపాలిటీ లేఖ అక్కరలేదు.

దరఖాస్తు రాయించుకొనదలచిన వారు ఆధార్‌తో పాటు గత ఆరు నెలల లావాదేవీలు ముద్రించిన పాస్‌బుక్ తీసుకొని రండి. రోజూ ఎంత జమ పడుతున్నదో చూసి, ఎంత రుణం అడగవచ్చో కలిసి లెక్కవేద్దాము.