లష్కర్ చాచాకు వీడ్కోలు వీడియో



పోచంపాడ్ కాకతీయ కాలువ మీద లష్కరుగా పనిచేసి రిటైరైన మన చాచా కోసం తీసిన వీడియో ఇది. నిడివి 4 నిమిషాలు. మొదట ఒక్క నిమిషంలో 20 ఫొటోలు కుక్కాం. ముఖం గుర్తుపట్టేలోపే మారిపోయేది. 12 ఉంచి, ఒక్కోదానికి 6 సెకన్లు ఇచ్చాం. డ్యాం 42 గేట్లు మీరంతా చూసినవే. అందుకే మొదటి ఫొటో చాచా సైకిలు, టార్చిలైటు.

మాటలు కాలువగట్టు మీద రికార్డు చేస్తే గాలే వినిపించింది. తలుపులు మూసి గదిలో మళ్లీ చేశాం. "చాలా మంచోడు" అన్నవన్నీ తీసేశాం. ఒక రైతు మాట మాత్రం పూర్తిగా ఉంచాం: "చివరి మడికి నీళ్లు రాలేదని అర్ధరాత్రి లేపితే, విసుక్కోకుండా వచ్చి తూము చూసిండు."

ఆఖరున చాచా మనవరాలి గొంతు: "దాదా, ఈ రాత్రి హాయిగా పడుకో. కాలువ వేరేవాళ్లు చూస్తరు."