ఇరవై నిమిషాల మాట పది నిమిషాల్లో
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రేపు మన సభల్లో మైకు పట్టుకునేది మీరే. అందుకే నాకు జరిగిన ఒక సంగతి మీకు చెబుతాను. పోయిన సంవత్సరం ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, ఒక సభలో అటవీ హక్కుల చట్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. తీరా అక్కడికి వెళ్లాక నిర్వాహకుడు పక్కకు పిలిచి, "అన్నా, అతిథులు ఆలస్యంగా వచ్చారు, పది నిమిషాల్లో ముగించాలి" అన్నాడు. నా వంతుకు ఇంకా అరగంట ఉంది.

నేను రాసుకున్న ప్రసంగం ఇలా ఉంది. పలకరింపు ఒక నిమిషం. 1/70 చట్టం చరిత్ర ఐదు నిమిషాలు. 2006 చట్టం ఏయే హక్కులు ఇస్తుందో ఐదు నిమిషాలు. దరఖాస్తుకు ఏ ఆధారాలు జతచేయాలో నాలుగు నిమిషాలు. దరఖాస్తు తిరస్కరిస్తే ఏం చేయాలో నాలుగు నిమిషాలు. ముగింపు ఒక నిమిషం.

మొదట నాకు తోచింది అన్నిటినీ సగం చేద్దామని. ఒక్కో భాగంలో అక్కడక్కడా వాక్యాలు కొట్టేసి, మెల్లగా చదివి చూసుకున్నాను. ఏ భాగమూ అర్థం కావడం లేదు. ఆధారాల పేర్లు వినబడుతున్నాయి గానీ వాటిని ఎక్కడ తెచ్చుకోవాలో లేదు. పోనీ వేగంగా చదివేద్దామా అంటే, ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్లకు తెలుగు రెండో భాష. వేగం పెంచితే వాళ్లు మొదటి నిమిషంలోనే వెనకబడిపోతారు.

అప్పుడు కాగితం తిరగేసి వెనుక ఒక ప్రశ్న రాసుకున్నాను: ఈ మనుషులు ఇంటికి వెళ్లి ఏం చేయాలి? ఆ ఊళ్లో చాలామందికి తిరస్కరణ కాగితాలు వచ్చి ఉన్నాయి. సబ్ డివిజన్ కమిటీ కాదంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చని వాళ్లకు తెలియాలి. అది నా ప్రసంగంలో చివరి భాగం. రాసుకున్న వరుసలోనే మొదలుపెట్టి ఉంటే, పది నిమిషాలయ్యేసరికి నేను హక్కుల జాబితాలోనే ఉండేవాణ్ణి. వాళ్లకు కావలసిన మాట నా జేబులోనే ఉండిపోయేది.

అందుకని చివరి భాగాన్ని ముందుకు తెచ్చి, దాని నాలుగు నిమిషాలూ దానికే ఉంచాను. దాని తర్వాత ఆధారాలు, మూడు నిమిషాలు. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు ఉండాలని, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాటను రాయించినా అది ఒక ఆధారమేనని ఉదాహరణతో చెప్పాను. 1/70 చరిత్ర ఒక్క వాక్యమైంది. హక్కుల జాబితా పూర్తిగా పోయింది. పలకరింపు అర నిమిషం, ముగింపు ఒక నిమిషం. మొత్తం ఎనిమిదిన్నర. పది ఇచ్చారు కదా అని పది నిమిషాలకు రాసుకోకండి. పేరు పిలిచాక వేదిక ఎక్కడానికి, మైకు సరిచేయడానికి ఒక నిమిషం పోతుంది.

ఇక అతుకులు చూసుకోవాలి. నేను తీసేసిన భాగంలో 'గ్రామసభ తీర్మానం' అంటే ఏమిటో వివరించాను. మిగిలిన భాగంలో ఆ మాట వివరణ లేకుండా మూడుసార్లు ఉంది. 'ఇందాక చెప్పినట్టు' అని రెండుచోట్ల ఉంది, ఇందాక చెప్పిందేమీ లేదు! వివరణను ఒక వాక్యంగా మొదట్లో పెట్టి, ఆ రెండూ కొట్టేశాను. కోత కోశాక ఒకసారి పైనుంచి కిందికి చదివితేనే ఇవి దొరుకుతాయి. నాకు ఇదంతా చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అరగంట లేకపోతే ఒక్క పని చేయండి: చివర ఉన్న ముఖ్యమైన భాగాన్ని మొదటికి తెచ్చుకోండి. మధ్యలో ఆపేయమన్నా నష్టం ఉండదు.

వేదికెక్కి "సమయం తక్కువ ఇచ్చారు" అని చెప్పలేదు. ఆ మాటకే అర నిమిషం పోతుంది, విన్నవాళ్లకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. హక్కుల జాబితా కావాల్సినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవమని మాత్రం చెప్పాను.

కలిసినవాళ్లు ఆరుగురు. ఐదుగురు హక్కుల గురించి అడిగారు. ఆరో ఆయన కండువా మడతలోంచి ఒక కాగితం తీసి, "తేదీ చదివి పెట్టు నాయనా, రోజులు లెక్క పెట్టు" అన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టాం. ఇంకా పందొమ్మిది రోజులున్నాయి. ఆ సాయంత్రమే అర్జీ రాశాం.