తాకట్టులో సర్టిఫికెట్లు

(అమలాపురంలో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజోలు దగ్గర లంక గ్రామానికి చెందిన ఒక అమ్మాయి సంగతితో మొదలుపెడతాను. పేరు చెప్పొద్దంది. బి.ఇడి. పూర్తిచేసి 2023 జూన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. జీతం నెలకు 9,000 రూపాయలు. చేరినరోజే టెన్త్ నుంచి బి.ఇడి. దాకా ఒరిజినల్స్ అన్నీ తీసుకుని బీరువాలో పెట్టారు. మొదటి మూడు నెలలూ జీతంలో 3,000 చొప్పున పట్టుకుని అది డిపాజిట్ అన్నారు. దేనికీ రసీదు లేదు. అడగాలని ఆమెకు తోచలేదు, తోచినా ఆరోజు అడిగే ధైర్యం ఉండేది కాదని తనే చెప్పింది.

2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డి.ఎస్సీ. ప్రకటన వచ్చింది. ఆమె పరీక్ష రాసింది. ఆగస్టులో సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చింది. ఒరిజినల్స్ చూపించాలి. యాజమాన్యాన్ని అడిగితే, "విద్యాసంవత్సరం మధ్యలో ఎలా ఇస్తాం? కావాలంటే 50,000 కట్టి పట్టుకెళ్ళు" అన్నారు. ఆమెతో ఆ మాట అని ఊరుకోలేదు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి, "మీ అమ్మాయి మాట తప్పుతోంది, కాస్త చెప్పండి" అన్నారు. ఉద్యోగం చేసేది ఆమె, జవాబు చెప్పాల్సింది తండ్రి! పెళ్ళయితే ఆ ఫోన్ భర్తకి వెళుతుంది. మగ టీచర్ల ఇళ్ళకి ఇలా ఫోన్ చేసినట్టు నేను మాట్లాడిన వాళ్ళెవరూ చెప్పలేదు.

ఆ కాగితాలు అమ్ముకుంటే ఎవరికీ రూపాయి రాదు. స్కూలుకి వాటితో పనీ లేదు, జిరాక్సు కాపీలు చాలు. వేరేచోట చేరే దారి మూయడానికే వాటిని పెట్టుకుంటారు.

చట్టం ఏమంటుందో చూద్దాం. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ ప్రకారం, బాకీ తీరేదాకా ఎదుటివారి వస్తువుని అట్టిపెట్టుకునే సాధారణ హక్కు బ్యాంకుల వంటి కొద్దిమందికే ఉంది. ఆ జాబితాలో స్కూలు యజమాని లేడు. 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో, ఫీజు రాలేదని క్లయింటు ఫైళ్ళు ఆపుకున్న న్యాయవాదికి ఆ హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మి సొమ్ము చేసుకోలేని కాగితాలు ఆ సెక్షన్ చెప్పే సరుకు కావు. మన సర్టిఫికెట్లకూ ఈ తర్కం వర్తిస్తుందని నేననుకుంటాను. అయితే అదే సెక్షన్ స్పష్టమైన ఒప్పందం ఉంటే వేరు అంటుంది. అందుకే చేరేరోజు సంతకం పెట్టే కాగితంలో "సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర ఉంచుటకు సమ్మతించితిని" అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. కొట్టేయకపోతే, మీరు ఇచ్చిన ప్రతి కాగితం పేరూ నెంబరూ రాసి, తేదీ వేసి, ఆఫీసు ముద్రతో రసీదైనా తీసుకోండి. రసీదు లేకపోతే, "మాకివ్వనేలేదు" అన్నప్పుడు మీ దగ్గర ఏమీ ఉండదు.

లేబర్ కోర్టుకు వెళ్దామని చాలామంది అంటారు. టీచరు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మన్' కాదని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆ దారి ఆశపెట్టుకోదగినది కాదు. మిగిలింది సివిల్ కోర్టు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద, తనది కాని వస్తువుని దగ్గరుంచుకున్నవారి చేత దాన్ని తిరిగి ఇప్పించమని అడగవచ్చు. దావాకి నెలలు పడుతుంది, ఈమెకి ఉన్నవేమో రోజులు.

"పోయాయని చెప్పి డూప్లికేట్ తెచ్చుకో" అని బంధువులు సలహా ఇచ్చారు. వద్దన్నాను. అవి పోలేదు. పోయాయని అఫిడవిట్ ఇస్తే అబద్ధం ఆమెదవుతుంది, తప్పు చేసిన యాజమాన్యం శుభ్రంగా బయటపడుతుంది.

మేం చేసిందల్లా ఇది. కాగితాల పేర్లన్నీ రాసి, పరిశీలన తేదీ చెప్పి, ఫలానా రోజులోగా ఇవ్వమని ఉత్తరం రెండు ప్రతులు తయారుచేశాం. ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయమంటే వేయలేదు. అదేరోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. మర్నాడు న్యాయవాది నోటీసు వెళ్ళింది. నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 316 కింద, పోలీసు ఫిర్యాదు కూడా చేస్తామని అందులో ఉంది. పోలీసులు ఇది సివిల్ వ్యవహారం అనే అవకాశం ఎక్కువేనని మాకు తెలుసు. యాజమాన్యానికి మాత్రం ఆ మాట పనిచేసింది. పరిశీలనకు ముందురోజు సాయంత్రం గుమాస్తా కవరు తెచ్చి ఇచ్చాడు. అక్కడే విప్పి, ఒక్కొక్కటీ లెక్కచూసుకున్నాకే సంతకం పెట్టింది.

డిపాజిట్ 9,000 మాత్రం రాలేదు. కాగితాల కంగారులో మా నోటీసులో దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ పొరపాటు నాదే. బాండ్ రాసిచ్చినా, 74వ సెక్షన్ ప్రకారం యజమానికి దక్కేది సమంజసమైన పరిహారమే. 2025లో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండ్‌ని సమర్థించింది నిజమే. ప్రభుత్వ రంగ బ్యాంకు దేశమంతా ప్రకటన ఇచ్చి పోటీలో ఎంపిక చేసుకునే ఖర్చు అక్కడ లెక్కలోకి వచ్చింది. ఈ స్కూలు ఈ అమ్మాయిని తీసుకోవడానికి పెట్టిన ఖర్చేమిటో చెప్పమని రెండో నోటీసులో అడిగాం. జవాబు కోసం చూస్తున్నాం.